కట్టు విప్పాక మొదలయ్యే ఖర్చు గురించి

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. విషయం మణికట్టు విరగడం.

మన సంఘం ఆరోగ్య సాయంలో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా ఎముక విరిగితే ఎక్స్‌రేకీ, పిండికట్టుకీ, ఆటోకీ డబ్బిస్తాం. కట్టు విప్పిన రోజుతో ఆ లెక్క మూసేస్తాం. ఈ పద్ధతి మారాలన్నది మా అభిప్రాయం. ఆసుపత్రులకు తోడు వెళ్లే మేం నలుగురం ఇంతవరకు చూసినదాన్ని బట్టి చెబుతున్నాం. ఎముక అతుక్కోకుండా పోయినవాళ్లు మన వెంకటమ్మనహళ్లిలో మాకు ఒక్కరు కూడా తగల్లేదు. ఎముక చక్కగా అతుక్కుని, పిడికిలి మూయలేక, కొడవలి పట్టలేక, బిందె ఎత్తలేక ఇంట్లో కూర్చున్నవాళ్లు మాత్రం చాలామందే ఉన్నారు. ఎక్స్‌రే చూసి డాక్టరు "బాగుందమ్మా" అంటాడు, ఆమె చెయ్యి చూస్తే బాగుండదు. ఈ రెండింటికీ మధ్య ఏం జరుగుతుందో తెలిస్తే మన డబ్బు ఎక్కడ పెట్టాలో అర్థమవుతుంది.

పడేటప్పుడు మనిషి సహజంగా అరచెయ్యి నేలకు ఆనిస్తాడు. ఒంటి బరువంతా ముంజేతి ఎముక చివర మీద పడి, మణికట్టుకు అంగుళం పైన విరుగుతుంది. డబ్లిన్‌లో అబ్రహాం కోలిస్ అనే సర్జన్ 1814లో దీన్ని వివరించి రాశాడు, అందుకే డాక్టర్లు ఇప్పటికీ కోలిస్ ఫ్రాక్చర్ అంటారు. అప్పటికి ఎక్స్‌రే అన్నదే లేదు. చేత్తో తడిమి, ఆకారం చూసి రాశాడు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఎముకలు పలచబడతాయి కాబట్టి మామూలుగా జారిపడినా ఇది విరుగుతుంది. బట్టలుతికే బండ దగ్గర, నీళ్ల ట్యాంకు కింద పాచి మీద, శనక్కాయ కళ్లంలో పట్టా మడత కాలికి తగులుకుని. మన ఊళ్లో విన్న కథలు దాదాపు ఇవే.

ఎముక సంగతి డాక్టరు చూసుకుంటాడు. సరిచేసి, మొదట సగం కట్టు వేస్తాడు. అంటే ఒక వైపు పిండి పలక, చుట్టూ గుడ్డ. వాపు తగ్గాక వారం పది రోజులకు పూర్తి కట్టు. ఎముక జరిగిందేమో చూడడానికి మొదటి రెండు వారాల్లో మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. ఆ ఎక్స్‌రేలు తప్పించుకోకూడదు, జరిగితే సరిచేసే అవకాశం అప్పుడే ఉంటుంది. మొత్తం ఐదారు వారాలు. ఈ ఐదారు వారాల్లో వేళ్ల సంగతి ఎవరు చూస్తున్నారు? మన ప్రశ్న అదొక్కటే. పావగడలోనో హిందూపురంలోనో ఓపీలో నిలబడి చూడండి. అంతమంది రోగుల మధ్య డాక్టరు "వేళ్లు ఆడించమ్మా" అని ఒక్క మాట అనగలడు, అంతే. ఆ మాట ఇంటికొచ్చేసరికి "చెయ్యి కదిలించొద్దన్నారు" అని మారిపోతుంది.

మన ఇళ్లల్లో ప్రేమ కూడా దీనికి కారణమే. కట్టు వేసుకొచ్చిన అమ్మను మంచం మీద కూర్చోబెట్టి, మెడకు జోలె కట్టి, చెయ్యి అందులో పెట్టి, "కదిలిస్తే ఎముక జరుగుతుంది" అని కోడలూ కొడుకూ కాపలా కాస్తారు. ఆమె కూడా భయంతో వేళ్లను కర్రల్లా చాచి ఉంచుతుంది. ఎముక విరిగింది మణికట్టు దగ్గర. దాన్ని పిండికట్టు గట్టిగా పట్టుకునే ఉంది. బరువు పట్టకుండా ఊరికే వేళ్లు మడిచి చాచినంత మాత్రాన సరిగా వేసిన కట్టులో ఎముక జరగదు. మడవకపోతేనే నష్టం. ఎలా అంటే చెబుతాం.

వేలు అరచేతిని కలిసే చోట పెద్ద కణుపు ఉంటుంది, పిడికిలి బిగిస్తే ఎత్తుగా కనిపించేది. దానికి రెండు పక్కలా నులక తాళ్లలాంటి బంధనాలు ఉంటాయి. వేలు చాచినప్పుడు అవి వదులుగా ఉంటాయి, మడిచినప్పుడు సాగి బిగువవుతాయి. ఇప్పుడు వాపు సంగతి చూడండి. అరచేతి చర్మం మందం, కిందికి గట్టిగా అతుక్కుని ఉంటుంది. చేతి వెనక చర్మం వదులు. కాబట్టి ఎక్కడ దెబ్బ తగిలినా నీరు చేతి వెనక్కే చేరి పూరీలా పొంగుతుంది. ఆ పొంగు కణుపులను మడవనివ్వదు, వేళ్లు తిన్నగా నిలబడిపోతాయి. బంధనాలు వదులుగా ఉన్న ఆ స్థితిలోనే వారాల తరబడి ఉండి కురచబడతాయి. దానికి తోడు ఆ వాపు నీరు ఊరికే నీరు కాదు, గంజి లాంటిది. ఎక్కువ రోజులు నిలిస్తే గట్టిపడి నరాలనూ బంధనాలనూ అతికించేస్తుంది. ఆరు వారాల తర్వాత కట్టు విప్పి "పిడికిలి మూయమ్మా" అంటే తాడు కురచ, గంజి బిగువు. ఎలా మూస్తుంది? వాపు, వేళ్లు బిగుసుకోవడం రెండూ వేరు వేరు జబ్బులు కావు, మొదటిది రెండోదాన్ని కంటుంది. అందుకే మొదటి వారం వాపు విషయంలో మేం ఇంత పట్టుబడుతున్నాం.

వాపు దించడానికి పెద్ద మందు ఏమీ లేదు, ఎత్తు కావాలి. చెయ్యి గుండె కంటే పైన ఉండాలి. మోచెయ్యి కంటే మణికట్టు పైన, మణికట్టు కంటే వేళ్లు పైన. పడుకున్నప్పుడు పక్కన రెండు దిండ్లు పేర్చి దానిమీద చెయ్యి. కూర్చున్నప్పుడు కుర్చీ పక్కన స్టూలు వేసి, దిండ్లు పెట్టి, దానిమీద. మొదటి మూడు నాలుగు రోజులు దాదాపు రోజంతా ఇలాగే. జోలె బయటికి వెళ్లేటప్పుడు, బస్సులో జనం తగలకుండా ఉండటానికి పనికొస్తుంది. ఇంట్లో రోజంతా జోలెలో ఉంచితే చెయ్యి గుండె కింద వేలాడుతుంది, వాపు దిగదు. పైగా భుజం బిగుసుకుంటుంది. మణికట్టు విరిగి భుజం పోగొట్టుకున్నవాళ్లను చూశాం. అందుకని రోజుకు మూడు నాలుగు సార్లు జోలె తీసి, కట్టు చేతిని తలపైకెత్తి దించాలి, మోచెయ్యి మడిచి చాచాలి. చల్లదనం పెట్టాలనుకుంటే మంచు ముక్కలు ప్లాస్టిక్ సంచిలో వేసి, గుడ్డ చుట్టి, పావుగంట. కట్టు తడవకూడదు.

ఇంకొకటి, గాజులు, ఉంగరాలు. పడిన నిమిషమే తీసేయాలి. తర్వాత రావు. అపశకునమని గాజులు తియ్యనివ్వని పెద్దవాళ్లున్నారు మన దగ్గర. అవ్వా, మళ్లీ తొడుక్కోవచ్చు, ఉంగరం కింద వేలు నల్లబడితే మాత్రం తెచ్చుకోలేం.

కట్టు బిగువు గురించి కొంచెం ఆగి చెప్పాలి. చాచిన బట్ట చుట్టినా, పిండి వేసినా, వెదురు బద్దలు పెట్టినా కట్టు అన్నది బయట గట్టిగా ఉండే గొట్టం. లోపల చెయ్యి ఉబ్బితే పోయే చోటు లేదు. ఒత్తిడి పెరిగి కండకు రక్తం అందదు. కొన్ని గంటల్లోనే కండ చావడం మొదలవుతుంది. బిగువు కట్టు వల్ల కండ చచ్చి, వేళ్లు గద్ద గోళ్లలా ముడుచుకుపోవడం గురించి జర్మనీ సర్జన్ రిచర్డ్ ఫాన్ ఫోక్‌మన్ 1881లో రాశాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. రాయలసీమ అంతటా, మన పావగడ వైపు కూడా పుత్తూరు కట్టు పేరు తెలియని ఇల్లు లేదు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. దాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు, నాటు కట్టు మంచిదా ఆసుపత్రి కట్టు మంచిదా అన్న తగువు మన వాట్సాప్‌లో ఎప్పుడూ ఉండేదే. మేమనేది ఒక్కటే. ఎవరు వేసిన కట్టయినా సరే, పడిన రోజున వేసిన చుట్టూ మూసిన కట్టును ఆ రాత్రి నమ్మకూడదు. వేళ్లు చూస్తూ ఉండాలి.

చూడటం ఇలా. గోరు నొక్కి వదిలితే తెల్లబడి, రెండు లెక్కపెట్టేలోగా మళ్లీ ఎర్రబడాలి. వేళ్లు రెండో చేతి వేళ్లంత వెచ్చగా ఉండాలి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయా అడగాలి, మణికట్టు గుండా వెళ్లే పెద్ద నరం నలిగితే ముందు తెలిసేది అక్కడే. అన్నిటికంటే ముఖ్యమైనది నొప్పి నడిచే దారి. విరిగిన నొప్పి చెయ్యి పైకెత్తి, మాత్ర వేసుకుంటే గంట గంటకూ తగ్గాలి. తగ్గకుండా పెరుగుతుంటే, మనం మెల్లగా వేలు చాచి పట్టుకుంటేనే గావుకేక పెడితే, అది కట్టు బిగిసిన గుర్తు. గోరు రంగు బాగానే ఉందని ఊరుకోకూడదు, కండ లోపల చస్తున్నా గోరు చాలాసేపు ఎర్రగానే ఉండొచ్చు. తెల్లారనీ అనుకోకుండా రాత్రే బయలుదేరాలి. వెళ్లేటప్పుడు చుట్టు గుడ్డ ఉన్న కట్టయితే ఆ గుడ్డను కత్తిరించి వదులు చెయ్యండి. పూర్తి పిండికట్టయితే ఆసుపత్రిలో రంపంతో నిలువునా చీల్చి, లోపలి దూదిని కూడా చర్మం కనిపించేదాకా విప్పుతారు. ఎముక మళ్లీ సరిచేసుకోవచ్చు. రాత్రి ఆటోకి ఎంతయినా సంఘం ఇస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు. ఈ మాట ఇంతకుముందు సమావేశంలోనే ఒప్పుకున్నాం.

ఇక వేళ్లు. కట్టు వేయించుకుని బయటికొచ్చే ముందే ఒకటి చూసుకోవాలి. అరచేతి వైపు కట్టు ఎక్కడ ఆగింది? వేళ్లు మడిస్తే అరచేతిలో ముడత పడే గీత దగ్గర ఆగాలి, దాన్ని దాటకూడదు. బొటనవేలు కొస చిటికెన వేలి కొసను తాకగలగాలి. పిండి ఆ గీత దాటి ముందుకొస్తే వేళ్లు మొదటి కణుపు దగ్గర మడవలేవు, ఇంట్లో ఎంత తాపత్రయపడినా లాభం లేదు. అక్కడే నిలబడి "సార్, ఇక్కడ కొంచెం కత్తిరించండి" అని అడగాలి. రెండు నిమిషాల పని. ఎవరూ కోప్పడరు. కోప్పడితే పడదాం.

ఇంటికి వచ్చిన రోజు నుంచే కదలిక మొదలు. ఒక వరుస చెబుతాం, పిల్లలకు కూడా నేర్పవచ్చు. ముందు వేళ్లన్నీ తిన్నగా చాచాలి. తర్వాత పెద్ద కణుపులు తిన్నగానే ఉంచి వేలి కొసలు మాత్రం మడవాలి, తలుపు గొళ్లెంలాగా. మళ్లీ చాచాలి. తర్వాత పెద్ద కణుపుల దగ్గర మాత్రం వంచి వేళ్లు తిన్నగా ఉంచాలి, బల్ల ఆకారంలో. మళ్లీ చాచి, ఈసారి నిండు పిడికిలి. తర్వాత వేళ్లు విసనకర్రలా విప్పి దగ్గరికి తేవాలి. చివరగా బొటనవేలు ఒక్కొక్క వేలి కొసనూ తాకుతూ చిటికెన వేలి దాకా పోవాలి. ఒక్కో ఆకారంలో ఐదు లెక్కపెట్టేంత సేపు ఆగాలి. వరుసంతా పది సార్లు, మెలకువగా ఉన్న ప్రతి గంటకూ ఒకసారి. గంటకోసారి కుదరదంటే రోజుకు ఆరుసార్లయినా.

ఇన్ని ఆకారాలు ఎందుకు, పిడికిలి మూసి తెరిస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. ప్రతి వేలికీ ముంజేతి నుంచి రెండు నరాల తాళ్లు ఒకదాని మీద ఒకటి వస్తాయి, ఒకటి నడి కణుపును మడుస్తుంది, ఇంకొకటి కొసను మడుస్తుంది. రెండూ విరిగిన ఎముక ముందు నుంచే వెళ్తాయి, అక్కడ రక్తం గడ్డకట్టి ఉంటుంది. గొళ్లెం ఆకారంలో ఆ రెండు తాళ్లు ఒకదాని మీద ఒకటి బాగా జారతాయి, కలిసి అతుక్కోకుండా ఉంటాయి. బల్ల ఆకారం ఇందాక చెప్పిన పక్క బంధనాలను సాగదీస్తుంది. ఒక్కో ఆకారానికి ఒక్కో పని. పైగా వేళ్లు మడిచినప్పుడల్లా కండ పంపులా పనిచేసి వాపు నీటిని పైకి తోస్తుంది. చెయ్యి ఎత్తి పెట్టి కదిలిస్తే రెండు పనులు ఒకేసారి.

బంతి సంగతి కూడా చెప్పాలి. పరామర్శకు వచ్చినవాళ్లు మెత్తటి బంతి తెచ్చి "నొక్కుతూ ఉండు" అనడం ఈ మధ్య ఫ్యాషనైంది. మూడో రోజునే నొక్కేస్తుంటారు. కట్టులో ఉండగా గట్టిగా నొక్కడం వద్దు. వేళ్లతో ఎంత బలం పెట్టి నొక్కుతామో దానికి రెండింతలకు పైగా బలం మణికట్టు ఎముక మీద పడుతుంది. ముంజేతి కండలన్నీ ఎముకను రెండు వైపులా అదుముతాయి కాబట్టి. పచ్చి ఎముక ఆ బలానికి కుంగిపోవచ్చు. కట్టులో ఉన్నంతకాలం కావలసింది కదలిక, బలం కాదు. అయితే చెయ్యిని పూర్తిగా పక్కన పెట్టమని కాదు. బొత్తాం పెట్టుకోవడం, పేపరు పేజీ తిప్పడం, టీ గ్లాసుకు ఊత ఇవ్వడం లాంటివి చేసుకోవచ్చు. గ్లాసు కంటే బరువైనది వద్దు.

ఒక మనిషి ఎలా కోలుకుందో చెబితే ఈ మాటలు నేలమీదికి వస్తాయి. ఊళ్లో ఒక అక్క, యాభై దాటినావిడ. పేరు వద్దు. శనక్కాయ కోతల సమయంలో కుడి మణికట్టు విరిగింది. సగం కట్టుతో ఇంటికొచ్చి మూడు రోజులు జోలెలోనే ఉంచింది. నాలుగో రోజు మేం పోయేసరికి చేతి వెనక పొంగి, కణుపుల గుంటలు కనిపించడం లేదు. గోరు రంగు బాగుంది, తిమ్మిరి లేదు, నొప్పి తగ్గుతోంది. అంటే కట్టు బిగువు కాదు, చెయ్యి వేలాడడమే కారణం. జోలె తీయించి దిండ్ల మీద పెట్టించాం. పిడికిలి మూయమంటే వేలి కొసలకూ అరచేతికీ మధ్య మూడు వేళ్ల ఎడం. ఆ ఎడమే మా కొలత అయ్యింది. వాళ్ల మనవరాలు ఐదో తరగతి. ప్రతి సాయంత్రం తన వేళ్లు ఆ సందులో పెట్టి "మూడు", "రెండున్నర" అని క్యాలెండరు మీద రాసేది. పదో రోజుకు రెండు. పూర్తి కట్టు పడ్డాక కట్టు గీత దాటి ఉంది, మరుసటి రోజే వెళ్లి కత్తిరించుకొచ్చారు. మూడో వారానికి ఒక వేలు. ఆరో వారం కట్టు విప్పేనాటికి కొసలు అరచేతిని తాకుతున్నాయి.

అదే ఏడాది ఇంకొకాయనకు ఇదే ఎముక, ఇదే రకం విరుగుడు. కట్టు విప్పేనాటికి నాలుగు వేళ్ల ఎడం. ఆయన పిడికిలి మూయడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది, ఇప్పటికీ చిటికెన వేలు పూర్తిగా రాదు. ఎక్స్‌రేలు పక్కపక్కన పెడితే ఆయనదే బాగుంది.

అక్క దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే కట్టు విప్పాక ఆవిడ ఏడ్చింది. చెయ్యి సన్నగా, పొలుసులు రాలుతూ, మణికట్టు ఏ వైపూ వంగకుండా ఉంది. ఇది మామూలే. ఐదారు వారాలు పని లేని కండ కరుగుతుంది. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, కొబ్బరినూనె రాస్తే చర్మం వారంలో బాగుపడుతుంది. నూనె రాయడం వేరు, పట్టి తిప్పడం వేరు. ఎవరో వచ్చి "బిగుసుకుంది, నేను లాగి వదులు చేస్తా" అంటే ఇంటి గడప తొక్కనివ్వకండి. బలవంతంగా లాగితే మళ్లీ వాపు, మళ్లీ గంజి. ఆమె చేత్తో ఆమే కదిలించుకోవాలి, రెండో చెయ్యి మెల్లగా సాయం పట్టవచ్చు.

మొదట పట్టు బలం గురించి ఆలోచించకూడదు, మణికట్టు వెనక్కి వంగడం గురించి ఆలోచించాలి. మీ మంచి చేత్తో ఇప్పుడే చూడండి. మణికట్టు కిందికి పూర్తిగా వంచి పిడికిలి బిగించండి. బిగువు రాదు. ఇప్పుడు మణికట్టు కొంచెం వెనక్కి వంచి బిగించండి. తేడా తెలిసిందా? వేళ్ల తాళ్లకు సరైన సాగుదల దొరికేది ఆ స్థితిలోనే. అందుకే బల్ల అంచున ముంజెయ్యి ఆనించి చెయ్యి బయటికి వేలాడేసి పైకీ కిందికీ కదిలించడం, రెండు అరచేతులు నమస్కారం పెట్టి మోచేతులు మెల్లగా పక్కలకు ఎత్తడం, ఈ రెండూ ముందు. తర్వాత తిప్పడం. మోచెయ్యి నడుముకు ఆనించి, చేతిలో గరిటె నిలువుగా పట్టుకుని కుడికీ ఎడమకూ వాల్చాలి. మోచెయ్యి నడుము వదిలితే భుజం దొంగతనం చేస్తుంది, మణికట్టు తిరిగినట్టు అనిపిస్తుంది కానీ తిరగదు. అరచెయ్యి ఆకాశం వైపు తిప్పడమే అందరికీ ఆలస్యంగా వస్తుంది. చిల్లర లెక్కపెట్టి అరచేతిలో పోయించుకోలేకపోతున్నానని ఒక అంగడాయన చెప్పాడు.

బలం మెల్లగా, డాక్టరు ఎముక గట్టిపడిందన్నాక. సాధారణంగా కట్టు విప్పిన రెండు మూడు వారాలకు. దీనికి సామాన్లు కొనక్కర్లేదు, మన వంటింట్లోనే ఉన్నాయి. తడి స్పాంజి నీళ్లలో పిండడం మొదటి మెట్టు. తర్వాత చేతిరుమాలు పిండడం, ఆ తర్వాత తువ్వాలు. శనక్కాయలు ఒలవడం బొటనవేలికీ చూపుడువేలికీ ఇంతకు మించిన వ్యాయామం ఏ ఆసుపత్రిలోనూ లేదు, మొదట నానబెట్టిన కాయలతో మొదలుపెట్టాలి. సంగటి ముద్ద కట్టడం సంగతి, గోరువెచ్చగా ఉన్న ముద్దను అరచేతిలో అదిమితే వేడీ, మెత్తదనం, పట్టు మూడూ ఒకేసారి. కెలకడం మాత్రం ఇప్పుడే కాదు. సంగటి కట్టె తిప్పడానికి కావలసిన బలం చివర వచ్చేది. బరువుకు అర లీటరు నీళ్ల సీసా అంటే అర కేజీ. వారానికి కొంచెం కొంచెం. నిండు బిందె అంటే పదిహేను లీటర్ల దాకా, పదిహేను కేజీలు. విరిగిన నాటి నుంచి మూడు నెలల లోపల దాని జోలికి పోవద్దు.

పని ఎక్కువైందో లేదో ఎలా తెలుస్తుంది? చేసేటప్పుడు లాగినట్టు ఉండటం మామూలే. మరుసటి పొద్దునకు వాపు పెరిగి ఉంటే, నొప్పి రాత్రంతా నిలిస్తే ఎక్కువ చేసినట్టు. ఆ రోజు సగం చెయ్యాలి, మానెయ్యకూడదు.

బలం కొలవడానికి పెద్ద ఆసుపత్రుల్లో పిడి మిషన్ ఉంటుంది. మనకు బీపీ మిషన్ చాలు, చేత్తో గాలి కొట్టే ముల్లు రకం. బటన్ నొక్కితే తానే కొట్టుకునేది పనికిరాదు. పట్టీని చుట్టి, గాలి కొట్టి ముల్లు 20 దగ్గర నిలపాలి. చుట్టను అరచేతిలో పట్టుకుని మూడు సార్లు నొక్కమని, ఎక్కువ వచ్చింది రాసుకోవాలి. రెండో చేత్తో కూడా. ఆ అక్కకు కట్టు విప్పిన మూడు వారాలకు ఎడమ చెయ్యి 160, కుడి 60. మూడు నెలలకు కుడి 110. ఆరు నెలలకు 140 దాటింది, అప్పటికి కలుపు పనికి పోతోంది. అంకె ఎంతన్నది కాదు, రెండు చేతుల మధ్య దూరం తగ్గుతోందా అన్నది చూడాలి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకు కుడి మామూలుగా పదో వంతు ఎక్కువ బలంగా ఉంటుంది కాబట్టి ఎడమతో సమానమైతే పని అయిపోయిందని కాదు. మన పావగడ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ముందే కీళ్లు బిగుసుకున్న పెద్దవాళ్లున్నారు. వాళ్లను పుస్తకంలో అంకెలతో పోల్చకుండా వాళ్ల రెండో చేత్తోనే పోల్చాలి. బలం ఏడాది దాకా పెరుగుతూనే ఉంటుంది, ఆరు నెలలకే ఇంతే అని వదిలేయకూడదు.

రెండు సంగతులు ఇంటి వ్యాయామంతో పోవు. ఒకటి, కట్టులో గానీ విప్పాక గానీ చెయ్యి మంటలు పుట్టి, ముట్టుకుంటేనే ఓర్చుకోలేక, రంగు మారి, చెమట పట్టి, చర్మం నిగనిగలాడుతుంటే అది మామూలు నొప్పి కాదు. నరాల వ్యవస్థే తప్పుదారి పట్టింది. త్వరగా చూపిస్తే చాలావరకు దారికొస్తుంది. నటిస్తోందని ఇంట్లోవాళ్లు అనడం మేం విన్నాం, దయచేసి అనకండి. రెండోది బొటనవేలు. బల్లమీద అరచెయ్యి ఆనించి బొటనవేలు ఒక్కటే పైకెత్తమనండి. నిన్నటిదాకా లేచిన వేలు ఇవాళ లేవకపోతే, నొప్పి లేకపోయినా సరే, విరిగిన ఎముక వెనక రాపిడికి దాని తాడు తెగి ఉండొచ్చు. చిన్న పగులు, ఎముక జరగలేదు అన్న కేసుల్లోనే ఇది ఎక్కువ, వారాల తర్వాత వస్తుంది. అది వ్యాయామానికి రాదు, వేరే తాడు మళ్లించే ఆపరేషన్ కావాలి.

ఇప్పుడు డబ్బు మాట. మేం అడుగుతున్నది మూడు. కట్టు విప్పాక ఫిజియోథెరపీకి కనీసం మూడు సార్లు పోయి రావడానికి బస్సు ఖర్చు, తోడు వెళ్లే మనిషికి ఒకరోజు కూలి. సంఘం పేరున ముల్లు బీపీ మిషన్ ఒకటి. పరామర్శకు వెళ్లేవాళ్లు బ్రెడ్డూ యాపిల్ పండ్లూ తీసుకెళ్తే తీసుకెళ్లండి కానీ, కూర్చోగానే "ఏదక్కా, పిడికిలి మూసి చూపించు" అని అడగండి, సందులో ఎన్ని వేళ్లు పట్టాయో గ్రూపులో రాయండి. కొంతమంది సభ్యులు "ఒకరికి మొదలుపెడితే అందరూ అడుగుతారు" అన్నారు. అడగాలనే కదా. ఒక మనిషి ఐదు నెలలు కూలికి పోలేకపోతే ఆ ఇంటికి అప్పు ఇచ్చేదీ, తిరిగి రాకపోతే రాసేసేదీ మన సంఘమే. పోయిన రెండేళ్ల పద్దు పుస్తకం కార్యదర్శి దగ్గరుంది, అందులో చెయ్యి విరిగినవాళ్ల ఇళ్లకు ఇచ్చిన చేబదుళ్లు చూడండి. వచ్చే నెల సమావేశంలో ఈ మూడూ పెడుతున్నాం. వద్దనేవాళ్లు కూడా రండి, పద్దు పుస్తకం ముందేసుకునే మాట్లాడదాం.